సెమిస్టర్ నోట్స్‌ని చిన్న నోట్లుగా విడగొట్టడం: లింకు ఎక్కడ పెట్టాలి, ట్యాగ్ ఎక్కడ పెట్టాలి

సెమిస్టర్ అయిపోయేసరికి నా ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్ 41 ఫైళ్లుగా తేలాయి. 28 క్లాసులో రాసుకున్నవి, 6 పీడీఎఫ్‌లలో గీత గీసుకున్న వాక్యాలు, 4 ల్యాబ్ నోట్స్, మిగతా 3 ఫోన్‌లో నాకు నేనే పంపుకున్న మెసేజ్‌ల మూట. అన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. ఏ రోజు ఏం చెప్పారో చూసుకోడానికి అది బాగానే పనికొస్తుంది. కానీ పరీక్ష ముందు నాకు వచ్చిన సందేహానికి తేదీ లేదు: ముందు వచ్చిన పేజీని ముందు తీసేసే ఫిఫో పద్ధతి వాడితే, మెమరీలో పేజీలు పెట్టే గళ్లు, అంటే ఫ్రేమ్‌లు, పెంచినా పేజ్ ఫాల్ట్‌లు, అంటే అడిగిన పేజీ మెమరీలో దొరకని సందర్భాలు, ఒక్కోసారి పెరుగుతాయట. చాలాసేపటిగా వాడని పేజీని తీసేసే ఎల్ఆర్‌యూలో మాత్రం అలా జరగదట. ఎందుకని?

సెర్చ్‌లో FIFO అని కొడితే 9 ఫైళ్లు వచ్చాయి. జవాబు నిజానికి నా నోట్స్‌లోనే ఉంది, కాకపోతే మూడు ముక్కలుగా ఉంది. లెక్క కట్టిన పట్టిక ఏడో వారం క్లాసు నోట్స్‌లో, ఎల్ఆర్‌యూ వివరణ ఒక పీడీఎఫ్ గీతల్లో, రెండింటినీ కలిపే అసలు కారణం ల్యాబ్ రోజు నాకు నేను పంపుకున్న మెసేజ్‌లో. ఈ మూడింటినీ ఒకచోటికి తేవడంతో మొదలైన పని రెండు వారాలు నడిచింది. నేను అబ్సిడియన్ అనే యాప్ వాడాను. ఇలాంటి వేరే యాప్‌లలో బటన్ల పేర్లు మారతాయి, పని తీరు మాత్రం చాలావరకు ఇదే.

ఫోల్డర్, ట్యాగ్, లింకు: మూడూ ఒకటి కాదు

చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఫోల్డర్ అంటే చోటు. ఒక ఫైలు ఒక ఫోల్డర్‌లోనే ఉంటుంది. పేజ్ ఫాల్ట్ గురించిన నోటు మెమరీ ఫోల్డర్‌లోకి వెళ్లాలా, ఇంటరప్ట్‌ల ఫోల్డర్‌లోకా అని ఆలోచిస్తూ కూర్చుంటే గంట పోతుంది. రెండు చోట్లా దానికి పనుంది మరి.

ట్యాగ్ ఆ ఇబ్బందిని తీరుస్తుంది. ఒక నోటుకి ఎన్ని ట్యాగ్‌లైనా తగిలించొచ్చు. కానీ ట్యాగ్ చెప్పేది ఒక్కటే: ఇవన్నీ ఒక గుంపు అని. గుంపులో ఉన్న రెండు నోట్లకి ఒకదానితో ఒకటికి ఏం సంబంధమో అది చెప్పదు. `#memory` అని 30 నోట్లకి పెడితే 30 పేర్ల జాబితా వస్తుంది, అంతే.

లింకు వాక్యంలో ఉంటుంది. "ఫిఫోకి ఈ గుణం లేదు కాబట్టే ఈ వింత జరుగుతుంది" అని రాసి, "ఈ వింత" అన్నచోట ఇంకో నోటుకి లింకు పెడితే, "కాబట్టే" అన్న మాటలో సంబంధం మొత్తం ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో విలువైనది ఆ ఒక్క మాటే. కింద "ఇవి కూడా చూడండి" అని అయిదు లింకులు వరసగా పడేస్తే వాటికీ ట్యాగ్‌కీ పెద్ద తేడా లేదు.

ఇక బ్యాక్‌లింక్ మనం రాసేది కాదు. యాప్ అన్ని ఫైళ్లనీ చదివి, ఎక్కడెక్కడ లింకు గుర్తు `[[ ]]` ఉందో ఒక పట్టిక వేసుకుంటుంది. ఆ పట్టికని తిరగేస్తే ఏ నోటుని ఏయే నోట్లు పిలుస్తున్నాయో తెలిసిపోతుంది. పుస్తకం చివర పదసూచికలో ఒక మాట ఎదురుగా పేజీ నంబర్లు ఉంటాయే, అలాంటిది, ఎప్పటికప్పుడు తనంతట తాను తయారయ్యేది. కంప్యూటర్ లేని రోజుల్లో ఇదంతా చేత్తో చేసేవారు. జర్మన్ సమాజశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ సుమారు 90,000 కాగితపు చీటీలు రాసి, ప్రతి చీటీకీ ఒక నంబరు ఇచ్చి, ఒక చీటీ మీద ఇంకో చీటీ నంబరు వేసేవాడు. కాగితం మీద తిరుగు దారి కూడా కావాలంటే రెండో చీటీ తీసి దాని మీదా రాయాల్సిందే. యాప్ మనకి తప్పించే శ్రమ అదొక్కటే. ఏ నోటుని దేనితో కలపాలన్న ఆలోచన మాత్రం మనదే.

ఒక క్లాసు నోట్స్‌ని విడగొట్టి చూద్దాం

ముందుగా 41 ఫైళ్లనీ `raw` అనే ఫోల్డర్‌లో పడేసి, ఆ ఫోల్డర్ కాపీ ఒకటి యాప్ బయట దాచాను. పేర్లు `raw-07b` లాగా మార్చాను: ఏడో వారం, రెండో క్లాసు. అన్నిటినీ వరసపెట్టి విడగొట్టడం మొదలుపెట్టలేదు. మొదటివారం నోట్స్ నుంచి మొదలుపెట్టినవాళ్లు మూడోవారం దగ్గర ఆగిపోవడం చూశాను, ఒకసారి నేనూ అలాగే ఆగిపోయాను. మొదటివారంలో ఉండేది ఎలాగూ పరిచయమే, మనకి బాగా వచ్చినదే. అందుకే ఈసారి నాకు రాని ప్రశ్న దగ్గర మొదలుపెట్టాను.

`raw-07b`లో రెండు పేజీల రాత ఉంది. అందులో ఒక పట్టిక. ప్రోగ్రామ్ అడిగే పేజీల వరుస ఇది:

```
1 2 3 4 1 2 5 1 2 3 4 5
```

ఫిఫోలో 3 ఫ్రేమ్‌లు ఇస్తే 9 ఫాల్ట్‌లు, 4 ఫ్రేమ్‌లు ఇస్తే 10. దీన్ని బెలాడీ వైపరీత్యం అంటారు. దాని కింద నేను "ఎల్ఆర్‌యూ ఓకే" అని రాసుకున్నాను. ఎందుకు ఓకేనో లేదు. మెసేజ్‌ల మూటలో వెతికితే "3లో ఉన్నవి 4లో కూడా ఉండాలి, ఫిఫోలో ఉండవు" అన్న ముక్క దొరికింది. రాసిన రోజు అది నాకు బాగానే అర్థమై ఉంటుంది. రెండు నెలల తర్వాత చూస్తే పొడుపుకథలా ఉంది.

దాన్ని పరీక్షించి చూశాను. పై వరుసలో ఏడో అడుగు, అంటే 5 అడిగిన తర్వాత, 3 ఫ్రేమ్‌ల ఫిఫోలో 1, 2, 5 ఉంటాయి. 4 ఫ్రేమ్‌ల ఫిఫోలో 2, 3, 4, 5 ఉంటాయి. చోటు ఎక్కువున్నా 1 అక్కడ లేదు. ఆ వెంటనే ప్రోగ్రామ్ అడిగేది 1నే! చిన్న మెమరీలో అది దొరుకుతుంది, పెద్ద మెమరీలో ఫాల్ట్ అవుతుంది. ఎల్ఆర్‌యూలో ఇలా జరిగే వీలు లేదు. 3 ఫ్రేమ్‌లు ఉంటే అది ఉంచేది ఈమధ్య వాడిన మూడు పేజీలని, 4 ఉంటే ఈమధ్య వాడిన నాలుగింటిని. ఆ మూడూ ఈ నాలుగింటిలో ఎప్పుడూ ఉంటాయి. ఈ గుణాన్నే స్టాక్ ప్రాపర్టీ అంటారు. అదే వరుసకి ఎల్ఆర్‌యూలో లెక్క వేస్తే 3 ఫ్రేమ్‌లకి 10 ఫాల్ట్‌లు, 4 ఫ్రేమ్‌లకి 8.

ఇప్పుడు దీన్ని ఎన్ని నోట్లు చేయాలి? నేను నాలుగు చేశాను. `Belady anomaly`లో వరుస, లెక్క మాత్రమే ఉన్నాయి. `FIFO` నోటులో, `LRU` నోటులో ఆ పద్ధతి ఏంటో మూడు నాలుగు వాక్యాలు. నాలుగోది కారణానికి:

```
# FIFO lacks stack property

3 ఫ్రేమ్‌లలో ఉన్న పేజీలన్నీ 4 ఫ్రేమ్‌లలో కూడా
ఉంటాయన్న హామీ [[FIFO]]కి లేదు.
అందుకే [[Belady anomaly]] వస్తుంది.
(అందులో ఏడో అడుగు చూడు: 1,2,5 / 2,3,4,5)
[[LRU]]కి ఆ హామీ ఉంది, కాబట్టి ఫ్రేమ్‌లు పెంచితే
ఫాల్ట్‌లు పెరగవు.

మూలం: [[raw-07b]], [[raw-msg-2]]
#worked
```

నోటు ఎంత చిన్నదిగా ఉండాలంటే నేను పదాలు లెక్కపెట్టను, పేరు చూస్తాను. ఒక్క విషయం చెప్పే పేరు పెట్టగలిగితే ఆ నోటు సరిగ్గా ఉన్నట్టు. పేరులో "ఇంకా" అని రాయాల్సి వస్తే అందులో రెండు నోట్లు ఉన్నాయి. అలాగని వాక్యానికో నోటు చేయకూడదు. మొదట్లో నేను ఫ్రేమ్ అంటే ఏమిటి, పేజ్ అంటే ఏమిటి అని రెండు వేర్వేరు నోట్లు చేశాను. ఒకటి తెరిచిన ప్రతిసారీ రెండోది తెరవాల్సి వచ్చింది. అలా ఎప్పుడూ జంటగా తెరిచేవి ఒకే నోటుగా ఉండాలి. వాటిని మళ్లీ కలిపేశాను.

యాప్‌లో కావాల్సిన భాగాన్ని సెలెక్ట్ చేసి కొత్త నోటుగా తీసే సదుపాయం ఉంది, Note composer అంటారు. త్వరగా అయిపోతుంది కానీ నేను దాన్ని వెంటనే మానేశాను. కత్తిరించిన ముక్కలో "పైన చెప్పినట్టు", "దీనివల్ల", "ఇందాకటి పట్టికలో" లాంటి మాటలు అలాగే వచ్చేస్తాయి. కొత్త నోటులో "పైన" ఏమీ ఉండదు. మీరు విడగొట్టిన నోట్లలో "పైన" అని సెర్చ్ చేసి చూడండి, ఎన్ని నోట్లు తమంతట తాము నిలబడలేవో తెలిసిపోతుంది. పాత నోటుని పక్కన తెరిచి పెట్టుకుని కొత్తదాన్ని మన మాటల్లో తిరిగి రాయడమే నయం. ఒక్కో నోటుకి పది నిమిషాలు పట్టినా, అర్థం కానిది ఆ పది నిమిషాల్లో బయటపడుతుంది.

చివర "మూలం" అన్న వరస ఊరికే పెట్టింది కాదు. దానివల్ల `raw-07b` తెరిచి దాని బ్యాక్‌లింక్‌లు చూస్తే, ఆ క్లాసు నుంచి ఏయే నోట్లు తీశానో కనిపిస్తుంది. ఎంత పని అయిందో వేరే లెక్క రాసుకోనక్కర్లేదు. ఒక పాత నోటుతో పని పూర్తయితే దానికి `#done` అని పెట్టాను. మిగిలినవి చూడాలంటే సెర్చ్‌లో ఇది:

```
path:raw -tag:#done
```

బ్యాక్‌లింక్ పట్టి ఇచ్చిన తప్పు

బ్యాక్‌లింక్‌ల పేన్‌లో రెండు భాగాలుంటాయి. Linked mentions అంటే మనం లింకు పెట్టినవి. Unlinked mentions అంటే ఆ నోటు పేరు మామూలు అక్షరాల్లో ఎక్కడెక్కడ ఉందో, కానీ లింకు లేనివి. మొదటిదాన్ని అందరూ చూస్తారు. పాత నోట్స్‌ని సర్దేటప్పుడు నిజంగా అక్కరకొచ్చేది రెండోది.

`page fault` అని నోటు చేసి Unlinked mentions తెరిస్తే ఏడు చోట్ల ఆ మాట ఉందని చూపించింది. ప్రతి చోటా ఆ వాక్యం కూడా కనిపిస్తుంది. ఏడు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి చదువుతుంటే రెండు పొసగలేదు. అయిదోవారం క్లాసులో ఇలా రాసుకున్నాను: టీఎల్‌బీలో దొరక్కపోతే page fault. ఎనిమిదోవారం ల్యాబ్‌లో: టీఎల్‌బీలో లేకపోతే పేజ్ టేబుల్ చూస్తుంది, అక్కడా లేకపోతేనే page fault. రెండూ నా చేతిరాతే. మొదటిది తప్పు. టీఎల్‌బీ అన్నది అడ్రస్ మార్పిడులని దగ్గర పెట్టుకునే చిన్న క్యాష్ మాత్రమే. అందులో లేకపోతే పేజ్ టేబుల్‌కి వెళ్లి చూస్తారు. పేజీ మెమరీలో ఉందని అక్కడ తేలితే ఆ వివరం టీఎల్‌బీలో చేరుతుంది, పని సాగిపోతుంది. పేజీ మెమరీలో లేదని ఆ టేబుల్ చెప్పినప్పుడే పేజ్ ఫాల్ట్, అప్పుడే ఆపరేటింగ్ సిస్టమ్ రంగంలోకి దిగి డిస్క్ నుంచి తేవాలి.

తేదీల వరుసలో చదివితే ఈ తప్పు నాకు దొరికేది కాదు. అయిదోవారానికీ ఎనిమిదోవారానికీ మధ్య పదిహేను పేజీలున్నాయి. పక్కపక్కన పెట్టి చూపించినప్పుడే కనిపించింది. ఆ తర్వాత `TLB miss is not page fault` అని ఒక నోటు రాసి, అయిదోవారం వాక్యం పక్కన దాని లింకు పెట్టాను. పాత తప్పుని చెరపలేదు. మళ్లీ అదే పొరపాటు పడే అవకాశం నాకే ఎక్కువ.

Unlinked mentions పక్కన Link అనే బటన్ ఉంటుంది, నొక్కితే ఆ మాట లింకు అయిపోతుంది. ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. నేను `process` అనే నోటు చేసి, కనిపించిన ప్రతిచోటా నొక్కుకుంటూ పోయాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్‌లో ప్రాసెస్ అన్న మాట లేని పేజీ ఉండదు. అరవై పైచిలుకు బ్యాక్‌లింక్‌లు వచ్చాయి, వాటిలో చదవాల్సినవి నాలుగో అయిదో. నోట్లని చుక్కలుగా చూపే గ్రాఫ్‌లో మాత్రం మధ్యలో పెద్ద చుక్కతో చూడముచ్చటగా ఉంది! ఆ లింకులన్నీ తీసేయడానికి ఒక సాయంత్రం పోయింది. ఇప్పుడు నేను చూసేది ఒక్కటే: ఈ వాక్యం చదివినవాడు ఆ నోటు తెరిస్తే వాక్యం మరింత అర్థమవుతుందా? కాకపోతే లింకు అక్కర్లేదు, సెర్చ్ ఎలాగూ ఉంది.

ట్యాగ్‌లు విషయానికి కాదు, స్థితికి

లింకులు వచ్చాక విషయాల వారీ ట్యాగ్‌లు నాకు పెద్దగా పనికిరాలేదు. `#memory`, `#paging`, `#virtual-memory` మూడూ పెట్టుకున్నాను, ఏది ఎప్పుడు వాడాలో నాకే గుర్తుండదు. వాటిని తీసేసి, నోటు ఏ దశలో ఉందో చెప్పే ట్యాగ్‌లే ఉంచాను. `#doubt` అంటే ఇంకా అర్థం కానిది. `#worked` అంటే లెక్క నేనే వేసి సరిచూసినది. `#recheck` అంటే ఎక్కడో చదివాను, సరిచూడలేదు. పాత నోట్లకి `#done`. మొత్తం నాలుగే.

ఇవి లింకులు చెప్పలేని సంగతి చెబుతాయి. నాలుగు వేర్వేరు పాఠాల్లో ఉన్న సందేహాలకి ఒకదానితో ఒకటికి సంబంధం లేదు, కానీ వాటిని ఒకేసారి చూడాల్సిన అవసరం నాకుంది. `#doubt` జాబితా ప్రింట్ తీసుకుని మా సార్ దగ్గరికి వెళ్తే ఇరవై నిమిషాల్లో తొమ్మిది తేలాయి. సందేహం తీరగానే ట్యాగ్ తీసేయాలి. లేదంటే నెల తిరిగేసరికి ఆ జాబితాని ఎవరూ నమ్మరు, మనం కూడా.

రాసే పద్ధతిలో చిన్న నియమాలున్నాయి. ట్యాగ్ మధ్యలో ఖాళీ ఉండకూడదు, ఉంటే అక్కడితో ట్యాగ్ ఆగిపోతుంది. ఉత్త అంకెలు ట్యాగ్ కావు, `#7` పనిచేయదు, `#week7` పనిచేస్తుంది.

తెలుగులో రాసుకునేవాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కు

నా నోట్స్ సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మొదట నోట్ల పేర్లు తెలుగులోనే పెట్టాను. కొన్నాళ్లకి `డెడ్‌లాక్` అని రెండు నోట్లు కనిపించాయి, ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా. అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా తెలియదు. అసలు సంగతేంటంటే, "డెడ్" తర్వాత "లా" ఒత్తుగా మారకుండా కీబోర్డ్ ఒక కనిపించని గుర్తు పెడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఫోన్ కీబోర్డ్ ఆ గుర్తుని ఒకసారి, ల్యాప్‌టాప్ కీబోర్డ్ రెండుసార్లు పెట్టింది. కంటికి ఒకటే మాట, యాప్‌కి రెండు వేర్వేరు పేర్లు. లింకు ఉన్న నోటుకి వెళ్లకుండా కొత్త ఖాళీ నోటు తెరిచింది.

అందుకే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, తెలుగు రూపాలని మారుపేర్లుగా ఇచ్చాను. ఇది ఫైలు మొట్టమొదటి వరసలోనే మొదలవ్వాలి:

```
---
aliases:
  - పేజ్ ఫాల్ట్
  - పేజీ ఫాల్ట్
---
```

దీంతో Unlinked mentions తెలుగు రాతలని కూడా వెతుకుతుంది. ఇంతకుముందు ఏడు చూపించినది పదకొండు చూపించింది. విభక్తులతో ఇబ్బంది లేదు, లింకు మూసిన తర్వాత అంటించి రాసేయొచ్చు: `[[page fault]]కి`. వాక్యంలో తెలుగే కనిపించాలనుకుంటే గీత పెట్టి `[[page fault|పేజ్ ఫాల్ట్‌కి]]` అని రాస్తే సరి.

పేరు మార్చాల్సి వస్తే యాప్ లోపలే మార్చాలి. అప్పుడు ఆ పేరున్న లింకులన్నిటినీ అదే సరిచేస్తుంది. ఫైల్ మేనేజర్‌లో మారిస్తే యాప్ దాన్ని పాత నోటు పోయి కొత్త నోటు వచ్చినట్టు చూసే ప్రమాదం ఉంది. అప్పుడు పాత లింకులన్నీ ఎటూ పోకుండా మిగిలిపోతాయి.

విడగొట్టకూడనివి

సెమాఫోర్‌లతో ప్రొడ్యూసర్, కన్స్యూమర్ సమస్యని మెట్టుమెట్టుగా కట్టుకుంటూ పోయిన క్లాసు ఒకటుంది. ముందు తప్పు పరిష్కారం, అది ఎక్కడ ఇరుక్కుంటుందో, తర్వాత రెండో ప్రయత్నం, అలా. దాన్ని అయిదు నోట్లు చేశాను. ఏ ఒక్కటి విడిగా చదివినా అర్థం లేదు, ఎందుకంటే ప్రతి మెట్టుకీ కారణం ముందు మెట్టు ఓడిపోవడమే. మళ్లీ కలిపి ఒక పొడుగు నోటుగానే ఉంచేశాను. దాన్లోంచి బయటికి లింకులున్నాయి, బయటినుంచి దానిలోని ఒక్కో శీర్షికకీ లింకులున్నాయి, `[[producer consumer#రెండో ప్రయత్నం]]` అన్నట్టుగా. వరసే ప్రాణమైన వాదనలకి ఇది చాలు.

మిగతా చిన్న నోట్లకి కూడా వరస అక్కర్లేదని కాదు. లింకుల్లో తిరుగుతుంటే ఏది ముందు చదవాలో తెలియదు. అందుకని `memory - చదివే వరస` అని ఒక నోటు పెట్టి, పదహారు లింకులు వరసగా, ఒక్కోదాని పక్కన అది ముందుదాని తర్వాతే ఎందుకు వచ్చిందో ఒక ముక్క రాశాను. షెడ్యూలింగ్‌కి ఇలాంటిది రాయలేదు, అక్కడ నోట్లు తొమ్మిదే.

రెండు వారాల తర్వాత లెక్క చూస్తే 41 పాత నోట్లలో 24కి `#done` పడింది, వాటినుంచి 63 చిన్న నోట్లు వచ్చాయి. మిగతా 17ని ముట్టుకోలేదు, ముట్టుకునే ఉద్దేశం కూడా లేదు. వాటిలో ఉన్నది సెర్చ్‌లో దొరుకుతుంది, ఎప్పుడైనా ఏదైనా నోటు వాటిని పిలిస్తే అప్పుడు చూసుకోవచ్చు. `#doubt` జాబితాలో ఇంకా రెండు మిగిలాయి. అందులో ఒకటి, పేజీలు మార్చుకోవడంతోనే సిస్టమ్ సమయమంతా గడిచిపోయే థ్రాషింగ్ గురించి: ఫ్రేమ్‌లు చాలక మొదలైందా, ప్రాసెస్‌లు ఎక్కువై మొదలైందా అని బయటినుంచి చూసి ఎలా చెప్పాలన్నది. దాని బ్యాక్‌లింక్‌లలో ఇప్పటికి మూడు నోట్లు చేరాయి.